సునాముఖి టీ: పేగులో జరిగేదేమిటి, ఒంట్లోంచి పోయేదేమిటి

(అనంతపురంలో మహిళా సంఘాల సభ్యుల ముందు ఒక వైద్యుడు చేసిన ప్రసంగ పాఠం)

అక్కలకు, చెల్లెళ్లకు, వెనక నిలబడిన అన్నదమ్ములకు నమస్కారం.

కడుపు శుభ్రం చేస్తుందని, ఒంట్లో విషాలు తీసేస్తుందని, పొట్ట తగ్గిస్తుందని ఫోన్లలో కనబడే డీటాక్స్ టీల గురించి మాట్లాడమన్నారు. అవి రకరకాలు. అన్నిటి గురించీ చెప్పబోయి ఏదీ సరిగా చెప్పకుండా పోవడం కంటే, వాటిలో ఎక్కువ కనబడే ఒక ఆకు గురించి, అది పేగులో చేసే పని గురించి మొదటి నుంచి చివరి దాకా చెప్తాను. ఆ ఆకు సునాముఖి. నేలతంగేడు అని కూడా అంటారు. ఇంగ్లీషు పేరు సెన్నా. తిరునెల్వేలి పక్క పొలాల్లో వేసే పంట ఇది, ప్రపంచమంతా ఎగుమతి అవుతుంది. పాత మూలికల అంగడికి పోయి బేదికి మందు అడిగితే ఇచ్చేది ఎక్కువగా ఇదే.

ముందే ఒక మాట. సునాముఖి చెడ్డ మందు కాదు. క్యాన్సర్ నొప్పికి మార్ఫిన్ తీసుకునే వాళ్లకు మలబద్ధకం వస్తే నేనే రాసిస్తాను. పెద్దవాళ్లకు రాత్రి పూట ఈ ఆకులోని సెన్నోసైడ్లు అనే పదార్థాలు 15 నుంచి 30 మిల్లీగ్రాములు, కొద్ది రోజులు. డాక్టరు చెప్పకుండా వారానికి మించి వాడొద్దని చాలా డబ్బాల మీదే రాసి ఉంటుంది. నా బాధ ఎక్కడంటే, బేదికి వాడే మందును బరువు తగ్గే టీ అని పేరు మార్చి, నెలల తరబడి తాగిస్తున్నారు. తాగే మనిషికి తాను బేది మందు తాగుతున్నానని తెలియదు.

ఈ ఆకులోని సెన్నోసైడ్లు మనం మింగితే చిన్నపేగులో దాదాపు ఏమీ చేయవు. అక్కడ అవి రక్తంలోకి పెద్దగా ఎక్కవు. అలాగే కిందికి జారి పెద్దపేగులోకి పోతాయి. పెద్దపేగులో కోట్లాది సూక్ష్మజీవులు ఉంటాయి కదా, అవి ఈ పదార్థాన్ని విరగ్గొట్టి రీన్ ఆంత్రోన్ అనే ఇంకో పదార్థంగా మారుస్తాయి. అసలు మందు అదే. అది పేగు గోడను రెచ్చగొట్టి రెండు పనులు చేస్తుంది. పేగు గట్టిగా ముడుచుకుని లోపల ఉన్నదాన్ని కిందికి తోస్తుంది. అదే సమయంలో పేగు గోడ నీళ్లు పీల్చుకోవడం తగ్గి, పైగా నీళ్లు, లవణాలు లోపలికి వదులుతుంది. ఇదంతా జరగడానికి 6 నుంచి 12 గంటలు పడుతుంది. అందుకే రాత్రి పడుకునే ముందు తాగమంటారు, పొద్దున్నే కడుపు తిప్పి పోతుంది. ఒక టీ ప్యాకెట్లో ఏముందో మీకు తెలియకపోయినా, రాత్రి తాగితే తెల్లారి ఠంచనుగా అర్జంటు అవుతుంటే, అందులో సునాముఖి గానీ దాని జాతి మందు గానీ ఉందని మొదట అనుమానించండి.

ఇప్పుడు నీళ్ల లెక్క చెప్తాను, మిగతాదంతా దీని మీదే నిలబడి ఉంది. మనం తాగేవి, తినే దాంట్లో ఉండేవి, నోటి నుంచి, కడుపు నుంచి, కాలేయం నుంచి, పేగు నుంచి ఊరేవి అన్నీ కలిపితే రోజుకు దాదాపు 9 లీటర్ల ద్రవం చిన్నపేగులోకి వస్తుంది. చిన్నపేగే చాలావరకు పీల్చేసుకుంటుంది. లీటరు, లీటరున్నర మాత్రం పెద్దపేగుకు చేరుతుంది. పెద్దపేగు దాన్నీ పీల్చుకుని, చివరకు మలంతో పాటు బయటికి పోయేది 100 నుంచి 200 మిల్లీలీటర్లే. పెద్దపేగు పని ముఖ్యంగా ఇదే: నీళ్లు, ఉప్పు వెనక్కి తీసుకోవడం.

తిన్న అన్నంలోని పిండి, నూనె, పప్పులోని మాంసకృత్తులు ఇవన్నీ చిన్నపేగులోనే రక్తంలోకి ఎక్కేస్తాయి. పెద్దపేగు వరకు వచ్చేసరికి ఒంటికి బలమిచ్చేది, కొవ్వు పెంచేది చాలావరకు అయిపోయి ఉంటుంది. సునాముఖి పనిచేసేది పెద్దపేగు మీద. అంటే రాత్రి మీరు తిన్న సంగటి, చికెన్ అప్పటికే ఒంట్లో చేరిపోయాక, ఖాళీ సంచిని దులిపినట్టు ఇది పనిచేస్తుంది. 1983లో అమెరికాలో దీన్ని కొలిచి చూశారు. బేది మందులు విపరీతంగా వాడే వాళ్లకు 4 నుంచి 6 లీటర్ల నీళ్ల బేదులు అయ్యేలా మందు ఇచ్చి, తిన్న దాంట్లో ఎంత శక్తి ఒంటికి చేరలేదో లెక్కగట్టారు. అంత బేది అయినా తగ్గింది 12 శాతం దగ్గరే. మీరు తాగే టీకి అన్ని లీటర్లేమీ పోవు, రెండు మూడు సార్లు బేది అవుతుంది. దానితో కొవ్వు కరగదు.

మరి తూకంలో తగ్గింది కదా అంటారు. తగ్గింది నిజమే. రెండు రోజుల్లో కిలోన్నర తగ్గిందని చూపిస్తారు. అది నీళ్ల బరువు, పేగులో ఉన్న మలం బరువు. కొవ్వు కిలోన్నర తగ్గాలంటే వారాలు పడుతుంది. మళ్లీ తిని, నీళ్లు తాగితే ఆ బరువు తిరిగి వస్తుంది.

నీళ్లు ఒక్కటే పోతే ఇంత భయపడాల్సిన పని లేదు, మన ఊరి ఎండలకు చెమటలో నీళ్లు పోవడం మనకు అలవాటే. బేదిలో నీళ్లతో పాటు పొటాషియం పోతుంది. ఒంట్లో పొటాషియం ఎక్కువ భాగం కండరాల లోపల ఉంటుంది. రక్తంలో ఉండాల్సింది లీటరుకు 3.5 నుంచి 5 మిల్లీమోల్స్ మధ్య. చిన్న గీత అది. ఆ గీత దాటి కిందికి పోతే కండరాలు బలం కోల్పోతాయి, గుండె కొట్టుకునే లయ తప్పుతుంది, పేగు కూడా కండరమే కాబట్టి అది కదలడం మానేస్తుంది. మలబద్ధకం ఎక్కువవుతుంది. ఆ మలబద్ధకానికి మనిషి ఇంకో టీ తాగుతాడు.

ఒక మనిషి కథ చెప్తాను. ఒక్కరి కథ కాదు, చాలామంది చెప్పినవి కలిపి ఒకరిగా చెప్తున్నాను, ఎవరి ఇంటి సంగతీ బయటపెట్టడం నాకు ఇష్టం లేదు.

గుంతకల్లు పక్కనుంచి నలభై దాటిన ఒక అక్క వచ్చింది. మిషన్ కుట్టే పని. కూర్చుని కూర్చుని పొట్ట పెరిగింది, పెళ్లిళ్లకు పోతే ఎవరో ఒకరు మాట అంటారు. ఫోన్లో చూసి 28 రోజుల టీ తెప్పించుకుంది. పొద్దున ఒకటి, రాత్రి ఒకటి, రెండూ వేరే ప్యాకెట్లు. మొదటి వారం పొట్ట తేలికైంది, రెండు కిలోలు తగ్గింది. నెల అయిపోయాక ఆపితే మూడు రోజులు దొడ్డికి పోలేదు, కాళ్లు వాచాయి, పోయిన బరువు వచ్చింది. టీ ఆపినందుకే ఇదంతా అనుకుని మళ్లీ మొదలు పెట్టింది. రాత్రి ఒక సంచి చాలక రెండు, తర్వాత మూడు. అలా ఐదారు నెలలు. నా దగ్గరికి వచ్చింది పొట్ట సంగతికి కాదు. మేడ మెట్లు ఎక్కలేకపోతోంది, పిక్కలు పట్టేస్తున్నాయి, మిషన్ తొక్కుతుంటే కాలు లేవడం లేదు, గుండె దడ దడమంటోంది. "సార్, నాకు నరాల జబ్బు వచ్చిందేమో" అని ఏడ్చింది.

ఏం మందులు వాడుతున్నావమ్మా అంటే బీపీ మాత్ర అంది. అంతే చెప్పింది. టీ మందు కాదు కదా, అది చెప్పాలని ఆమెకు తోచలేదు. ఈ ఒక్క విషయం మీరు గుర్తు పెట్టుకోండి. డాక్టరు మందులు అడిగినప్పుడు టీ, పొడి, కషాయం, లేహ్యం, అన్నీ చెప్పండి.

బీపీ మాత్ర చీటీ చూస్తే అందులో నీరు తీసే మందు కలిసి ఉంది. చాలా బీపీ మాత్రల్లో పేరు పక్కన హెచ్ అనే అక్షరం ఉంటుంది, హైడ్రోక్లోరోథయజైడ్ అని దాని అర్థం. అది మంచి మందే. కానీ అది మూత్రంలో పొటాషియం పంపేస్తుంది. ఇటు టీ దొడ్లో, అటు మాత్ర మూత్రంలో. రక్త పరీక్షలో పొటాషియం 2.4 వచ్చింది. ఈసీజీలో మామూలు గీత తర్వాత ఉండకూడని చిన్న గుట్ట ఒకటి, యు తరంగం అంటాం, కనబడింది. అదే రోజు ఆసుపత్రిలో చేర్చాం.

చికిత్స పెద్ద విచిత్రం కాదు. గుండె గీత చూసుకుంటూ సెలైన్‌లో పొటాషియం కలిపి నిదానంగా, గంటకు 10 మిల్లీమోల్స్ మించకుండా ఎక్కించడం, మెగ్నీషియం తక్కువైతే అది కూడా ఇవ్వడం, తాగగలిగాక పొటాషియం సిరప్. నిదానంగా అని ఎందుకు నొక్కి చెప్తున్నానంటే, వేగంగా ఎక్కిస్తే పొటాషియం హఠాత్తుగా పెరిగి గుండె ఆగిపోతుంది. ఇంట్లో అరటిపండ్లు, కొబ్బరినీళ్లతో 2.4 ను సరిచేయలేం. మూడో రోజుకు ఆమె గోడ పట్టుకోకుండా లేచి నిలబడింది. నరాల జబ్బేమీ లేదు.

ఇక ఆమె మొదటిసారి టీ ఆపినప్పుడు కాళ్లు ఎందుకు వాచాయి? రోజూ నీళ్లు, ఉప్పు పోతుంటే ఒళ్లు కరువు వచ్చిందనుకుంటుంది. ఆల్డోస్టెరాన్ అనే హార్మోన్ పెరుగుతుంది. కిడ్నీలకు దాని ఆజ్ఞ ఏమంటే, ఉప్పును పట్టి ఉంచు, బదులుగా పొటాషియం పంపెయ్ అని. అంటే దొడ్లో పోయేది కాక మూత్రంలో కూడా పొటాషియం పోతుంది. టీ ఒక్కరోజులో ఆపేసినా ఈ హార్మోన్ ఒక్కరోజులో తగ్గదు. కొన్ని రోజుల నుంచి రెండు మూడు వారాల వరకు ఉప్పు, నీరు ఒంట్లో నిలుస్తాయి. కాళ్లు, ముఖం ఉబ్బుతాయి, తూకం రెండు మూడు కిలోలు పెరుగుతుంది. మనుషులు దీన్ని చూసి కొవ్వు తిరిగి వచ్చిందని మళ్లీ టీకి పోతారు. అది కొవ్వు కాదు. ఓపిక పట్టి, ఉప్పు తగ్గించి ఉంటే దానంతట అదే దిగిపోతుంది. ఆ వాపు తగ్గించడానికి నీటి మాత్ర అడగొద్దు, కథ మళ్లీ మొదటికి వస్తుంది. గుండె, కిడ్నీ జబ్బులతో కూడా కాళ్లు వాస్తాయి కాబట్టి, వాపు వచ్చిన వాళ్లు ఒకసారి పరీక్ష మాత్రం చేయించుకోవాలి.

మూడు రోజులు దొడ్డికి రాకపోవడం సంగతేమిటి? ఇది ఇంకా సులువు. పెద్దపేగును టీతో పూర్తిగా ఖాళీ చేశారు. అందులో మళ్లీ సరుకు చేరి, కదలిక రావడానికి రెండు మూడు రోజులు పడుతుంది. ఆ రోజుల్లో దొడ్డికి రాకపోవడం మలబద్ధకం కాదు, లోపల ఏమీ లేదు కాబట్టి రాలేదు. నెలల తరబడి బేది మందు తిన్నవాళ్ల పేగు నరాలు శాశ్వతంగా చచ్చిపోతాయని పాత పుస్తకాల్లో రాసేవాళ్లు. మామూలు మోతాదులో వాడితే అలా జరుగుతుందనడానికి ఇప్పుడు గట్టి ఆధారం లేదు. కాబట్టి నా పేగు చెడిపోయింది, ఇక టీ లేకపోతే బతుకు లేదు అని ఎవరూ దిగులు పడాల్సిన పని లేదు. చాలామందికి పేగు దారికి వస్తుంది.

పేగులో ఒక గుర్తు మాత్రం మిగులుతుంది. నాలుగు నెలలు, అంతకు మించి ఈ జాతి మందులు వాడితే పెద్దపేగు లోపలి పొర నల్లగా, గోధుమ రంగు చుక్కలతో మచ్చలు పడుతుంది. మెలనోసిస్ కోలై అంటారు. మందు వల్ల పేగు పొరలో కణాలు చచ్చిపోతే, వాటిని తినేసిన కణాల్లో ఆ రంగు నిలుస్తుంది. పెద్దపేగులోకి కెమెరా గొట్టం పంపి చూసే కొలనోస్కోపీలో ఆ రంగు కనబడగానే, ఏమమ్మా ఏ ఆకు పొడి వాడుతున్నావని అడుగుతాం. ఆ మచ్చ క్యాన్సర్ కాదు, మందు ఆపితే ఆరు నెలలు, ఏడాదిలో పోతుంది. పేగు కడుక్కుందామని తాగిన టీ వల్లే పేగు నల్లబడుతుందని తెలిసినప్పుడు జనం నమ్మలేరు.

అసలు పేగు కడగాల్సిన అవసరం ఉందా? పేగు గోడకు ఏళ్ల తరబడి మలం అంటుకుని విషం తయారవుతుందనే మాట కొత్తది కాదు. వందేళ్ల కిందట లండన్లో అర్బత్‌నాట్ లేన్ అనే పేరున్న సర్జన్ దీన్ని నమ్మి మలబద్ధకం ఉన్నవాళ్ల పెద్దపేగునే కోసి తీసేవాడు. ఎంతోమంది ఆ ఆపరేషన్ల పాలయ్యారు. 1919లో అమెరికా డాక్టరు వాల్టర్ అల్వారెజ్ ఆ సిద్ధాంతాన్ని ఖండిస్తూ రాశాడు: మలబద్ధకంలో తలనొప్పి, బద్ధకం వచ్చేది విషం వల్ల కాదు, మలద్వారం దగ్గర పేగు సాగి ఒత్తిడి పడటం వల్ల. దొడ్డికి పోగానే నిమిషాల్లో ఆ బాధ తగ్గుతుంది కదా, విషం అయితే అంత త్వరగా ఒంట్లోంచి పోదు. పేగు లోపలి పొర నాలుగైదు రోజులకోసారి కొత్తగా మారుతుంది, దాని మీద ఏళ్ల నాటి పెచ్చు కట్టుకునే వీలు లేదు. కొలనోస్కోపీలో అలాంటి పెచ్చు కనబడదు. మరి ఫోన్లో చూపించే పొడుగాటి తాడులాంటిది ఏమిటంటే, ఆ డబ్బాల్లో ఇసబ్‌గోల్, బెంటొనైట్ మట్టి కలిపి ఉంటాయి. అవి నీళ్లలో ఉబ్బి పేగు ఆకారంలో తాడై బయటికి వస్తాయి. మీరు మింగిందే మీకు కనబడుతుంది.

మన జేజిలు పిల్లలకు ఆముదం పట్టేవాళ్లు కదా అని వెనక నుంచి ఒక అక్క అంటోంది. పట్టేవాళ్లు. ఎప్పుడో ఒకసారి, ఒక్క పూట. ఆ రోజు జావ, మజ్జిగ ఇచ్చి పడుకోబెట్టేవాళ్లు. రోజూ పట్టి, రోజూ పనికి పంపలేదు.

టీ సంచి మాత్ర కంటే ప్రమాదం ఎందుకంటే, మాత్రలో ఎన్ని మిల్లీగ్రాములో రాసి ఉంటుంది. టీలో ఆకు ఎంత ఉంది, ఎన్ని నిమిషాలు నానబెట్టారు అన్న దాన్ని బట్టి మందు మారిపోతుంది. మూడు నిమిషాలకు తీసేసిన సంచికి, మర్చిపోయి పావుగంట ఉంచిన సంచికి మోతాదు వేరు. కాబట్టి డబ్బా కొనేముందు వెనక చిన్న అక్షరాలు చదివించుకోండి. సెన్నా, కాసియా అంగుస్టిఫోలియా, సోనాముఖి, స్వర్ణపత్రి, మార్కండిక అని ఉంటే ఒకే ఆకు. కాస్కారా, రేవల్‌చిన్ని, కలబంద పసరు కూడా ఇదే జాతి పని చేసేవి. ఏమున్నాయో రాయకుండా మూలికల రహస్యం అని ఉంటే దాన్ని అక్కడే పెట్టి రండి. ఊబకాయాన్ని తగ్గిస్తుందని మందుకు ప్రకటన ఇవ్వడాన్ని 1954 నాటి డ్రగ్స్ అండ్ మ్యాజిక్ రెమెడీస్ చట్టమే నిషేధించింది.

గర్భిణులు, పాలిచ్చే తల్లులు, పన్నెండేళ్ల లోపు పిల్లలు డాక్టరు చెప్పకుండా ముట్టుకోవద్దు. గుండెకు డిగాక్సిన్ వేసుకునే వాళ్లు, నీరు తీసే బీపీ మాత్ర వేసుకునే వాళ్లు అసలే వద్దు. కుటుంబ నియంత్రణ మాత్ర వేసుకునే వాళ్లకు గట్టిగా బేదులు అయితే ఆ మాత్ర సరిగా ఒంటికి ఎక్కకపోవచ్చు. కడుపు నొప్పి ఎందుకో తెలియనప్పుడు బేది మందు తాగడం అన్నిటి కంటే ప్రమాదం. అది అపెండిసైటిస్ అయినా, పేగు అడ్డం పడినా, మందు పేగును బలంగా ముడిస్తే పేగు పగలొచ్చు. దొడ్లో రక్తం, కారణం లేకుండా చిక్కిపోవడం, నలభై ఐదు, యాభై దాటాక కొత్తగా మొదలైన మలబద్ధకం, ఈ మూడింటిలో ఏదున్నా టీ కాదు, పరీక్ష కావాలి.

ఇప్పటికే తాగుతున్నవాళ్లు ఎలా ఆపాలని ఇక్కడ ముందు వరుసలో ఒక చెల్లెలు రాసి పంపింది. ఎన్ని నెలలుగా తాగుతున్నావో, ఏ మాత్రలు వాడుతున్నావో తీసుకుని ముందు దగ్గర్లోని ఆసుపత్రికి పోయి రక్తంలో పొటాషియం లాంటి ఎలక్ట్రోలైట్స్, కిడ్నీల పనితీరు చెప్పే క్రియాటినిన్ చూపించుకో. నడవలేని నీరసం, గుండె దడ, కళ్లు తిరగడం ఉంటే అదే రోజు పో, ఈసీజీ కూడా తీస్తారు. అవి బాగుంటే టీ ఆపేయ్. రాత్రి భోజనం తర్వాత ఇసబ్‌గోల్ ఒక చెంచాతో మొదలుపెట్టి, పెద్ద గ్లాసు నీళ్లలో కలిపిన వెంటనే తాగు, పైన ఇంకో గ్లాసు నీళ్లు తాగు. నీళ్లు తక్కువైతే అదే గొంతులోనో పేగులోనో గడ్డ కడుతుంది. వారానికి ఒక చెంచా పెంచుకో, రెండు చెంచాలు దాటొద్దు. పొద్దున టిఫిన్ తిన్న అరగంటలో దొడ్లో కూర్చో, తినగానే పెద్దపేగు కదలడం దాని స్వభావం. కమోడ్ అయితే కాళ్ల కింద చిన్న పీట వేసుకో. జొన్న రొట్టె, ఆకుకూర, కాయగూరలు మన ఇంట్లోనే ఉన్నాయి, బియ్యం అన్నం కొంచెం తగ్గించి వాటికి చోటివ్వు. మొదటి మూడు నాలుగు రోజులు దొడ్డికి రాకపోయినా కంగారు పడొద్దు. అయిదో రోజుకూ రాకపోతే డాక్టరును అడుగు, లాక్టులోజ్ లాంటి మెత్తబరిచే మందు కొద్ది రోజులు ఇస్తారు. కడుపు ఉబ్బి, వాంతులై, గాలి కూడా కిందికి పోకపోతే మాత్రం అయిదో రోజు దాకా ఆగకుండా ఆ గంటలోనే ఆసుపత్రికి పో.